అన్న అప్రైజల్

2025 మార్చి 17, సోమవారం

హెడ్డాఫీసు నుంచి అప్రైజల్ ఫారాలు వచ్చాయి. ఎల్బీ నగర్ బ్రాంచి నా చేతికొచ్చాక ఇదే మొదటి మార్చి. పదకొండు మందితోనూ నేనే కూర్చోవాలి. పది ఫారాల్లో ఏం రాయాలో దాదాపు తెలుసు. పదకొండోది పక్కన పెట్టాను.

ఆఫీసులో పార్ట్‌నర్ల దగ్గర్నుంచి టీ తెచ్చే కుర్రాడిదాకా ఆయన్ని "అన్న" అనే పిలుస్తారు. ఈ పుటల్లోనూ అలాగే రాస్తాను. వయసు 48. నల్లగొండ వైపు మనిషి, ఉస్మానియా బీకామ్. 2003లో దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో అకౌంటెంటుగా చేరారు. 2011లో సీనియర్ అకౌంటెంట్ అయ్యారు. ఆ తర్వాత హోదా మారలేదు. అమ్మకపు పన్ను పోయి 2005లో వ్యాట్ వచ్చింది, వ్యాట్ పోయి 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. ఆయన విజిటింగ్ కార్డు మీద మాట మాత్రం అదే.

ఆయన పాత ఫారాలు ఐదు తెప్పించుకున్నాను. ఐదింటిలోనూ ఒకే వాక్యం: "మంచి పనివాడు, నాయకత్వ లక్షణాలు పెంచుకోవాలి." ఐదేళ్లూ ఐదుకు మూడే. చివర్లో ఒక గడి ఉంటుంది, పై హోదాకు ఎప్పటికి సిద్ధమవుతారని. ఇప్పుడే, ఒకటి రెండేళ్లలో, ఇప్పట్లో కాదు అని మూడు జవాబులు. ఐదేళ్లూ "ఒకటి రెండేళ్లలో" దగ్గరే టిక్కు పెట్టి ఉంది. ఫారాలు నింపినవాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఆ టిక్కు నిజం కాదని ముగ్గురికీ తెలిసే ఉంటుంది. కింద అన్న సంతకం కూడా ఉంది. అంటే ఆ మాటను ఆయన ఏడాదికోసారి చదివారు, నమ్మారు.

మార్చి 20, గురువారం

జ్ఞాపకం మీద ఆధారపడి ఈ ఫారం నింపకూడదు. మనసులో ఉండేది ఆఖరి రెండు నెలలే. ఫిబ్రవరిలో ఒక క్లయింటు ఫోన్లో అన్న మీద గొడవపడ్డాడు, అది నాకు బాగా గుర్తుంది. దాన్ని పట్టుకుని ఏడాదంతా తూచకూడదని ఈ సాయంత్రం రికార్డు ముందేసుకుని కూర్చున్నాను.

ఆయన చేతిలో అరవై నాలుగు మంది క్లయింట్లు ఉన్నారు. కొత్తపేట చీరల దుకాణాలు, సరూర్‌నగర్ హార్డ్‌వేర్ షాపులు, చైతన్యపురి మెడికల్ షాపులు. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయినా ఆయన్ని వదలని కమీషన్ ఏజెంట్లు కొందరు. నెలనెలా 11వ తేదీకి GSTR-1, 20వ తేదీకి GSTR-3B. పన్నెండు నెలల్లో ఆలస్యమైంది ఒక్కటే, అదీ క్లయింటు డబ్బు సర్దలేకపోయినందుకు. ఇది ఐదుకు మూడు కాదు, నాలుగు.

రెండో వైపూ చూశాను. 2019లో ఆయనకు నలుగురు జూనియర్లను ఇచ్చి టీమ్ లీడ్ పని అప్పగించారు. మూడేళ్ల తర్వాత తీసేశారు. ఆనాటి ఫైళ్లలో జూనియర్ చేసిన లెక్క ఉంటుంది, దాని మీద అన్న మళ్లీ మొదటినుంచి చేసిన లెక్క ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో జూనియర్‌కు చెప్పిన ముక్క ఎక్కడా లేదు. రాత్రి తొమ్మిదిదాకా ఆయనే కూర్చుని దిద్దేవారు. ఆ నలుగురిలో ముగ్గురు వేరే టీములకు వెళ్లిపోయారు. ఆన్‌లైన్‌లో అమ్మే కొత్త వ్యాపారుల పని మొత్తం ఇప్పుడు కుర్రాళ్లు చూస్తున్నారు. అది నేర్చుకోమని రెండుసార్లు అడిగితే అన్న తీసుకోలేదు.

ఇంకొకటి, ఆయన బల్ల వెనకున్న ఇనప బీరువా. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. తాళంచెవి ఆయన దగ్గరే. ఆయన సెలవు పెడితే ఆ రోజు ఆ క్లయింట్ల పని ఆగుతుంది.

మార్చి 22, శనివారం

ఎంబీఏలో చదివిన ఒక వ్యాసం వెతికి తీశాను. 1977లో ఫెరెన్స్, స్టోనర్, వారెన్ అనే ముగ్గురు రాసింది. ఉద్యోగిని రెండు ప్రశ్నలతో విడివిడిగా చూడమంటారు వాళ్లు: ఇప్పటి పని ఎలా ఉంది, పైకి వెళ్లే అవకాశం ఎంత ఉంది. పని బాగుండి పైకి వెళ్లే అవకాశం లేనివాళ్ల మీదే సంస్థలు నడుస్తాయనీ, ఎవరూ పట్టించుకోనిదీ వాళ్లనేననీ, అలా వదిలేస్తే కొన్నాళ్లకు పని కూడా పడిపోతుందనీ వాళ్ల మాట. ఆగిపోవడానికి కారణాలను కూడా రెండుగా విడదీశారు. పైన కుర్చీ లేకపోవడం ఒకటి. కుర్చీ ఉన్నా ఆ పనికి ఈ మనిషి సరిపోకపోవడమో, ఇష్టపడకపోవడమో రెండోది.

అన్న విషయంలో రెండూ కలిసి ఉన్నాయి. మా దగ్గర మేనేజర్ కావాలంటే సీఏ ఉండాలి. 48 ఏళ్ల వయసులో, ఇంజనీరింగ్ చదివే కూతురినీ ఇంటి లోనునూ పెట్టుకుని సీఏ మొదలుపెట్టమని చెప్పడం సలహా అనిపించుకోదు. ఇది కుర్చీ లేకపోవడం. నలుగురి చేత పని చేయించలేకపోవడం రెండోది. ఈ రెండోదాని గురించే నాకు అనుమానం. నేర్పడం నిజంగా ఆయనకు చేతకాదా? 2006లో చేరిన ఒక ఆర్టికల్ కుర్రాడికి వ్యాట్ మొత్తం నేర్పింది అన్నే. ఆ కుర్రాడు సీఏ అయ్యి ఇప్పుడు హెడ్డాఫీసులో మేనేజర్. అప్పుడు నేర్పిన మనిషి 2019లో ఎందుకు నేర్పలేదు?

2011 తర్వాత ఆయనకు మిగిలిన ధైర్యం ఆ బీరువా ఒక్కటే అయ్యుంటుంది. హోదా పెరగని మనిషికి తన చేతిలోనే ఉన్న సమాచారం ఉద్యోగానికి బీమా. నేర్పడమంటే ఆ బీమా రద్దు చేసుకోవడమే. నా ఊహ నిజమైతే "నాయకత్వ లక్షణాలు పెంచుకోండి" అని ఇంకో పదేళ్లు రాసినా ఏమీ మారదు. నేర్పితే పని పోదని ముందు కాగితం మీద కనిపించాలి.

మార్చి 31, సోమవారం

నిన్న ఉగాది, ఇవాళ రంజాన్. అయినా ఆఫీసు తెరిచాం. జీఎస్టీ మొదటి మూడేళ్ల పాత బకాయిల మీద ప్రభుత్వం ఇచ్చిన మాఫీకి ఇవాళే గడువు. అసలు పన్ను ఈ రోజులోపు కడితే వడ్డీ, పెనాల్టీ రెండూ పోతాయి. దరఖాస్తుకు జూన్ నెలాఖరుదాకా సమయం ఉంది.

సరూర్‌నగర్ హార్డ్‌వేర్ షాపాయన మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. 2018-19కి DRC-07 ఆర్డరు, పన్ను 1,86,000. వడ్డీ దాదాపు అంతే ఉంది, పెనాల్టీ దానికి పైన. పన్నంతా ఇవాళే కట్టాలంటే చేతిలో డబ్బు లేదు. మా కుర్రాడు స్క్రీన్ మీద ఆర్డరు చూసి, కట్టాల్సిందేనండీ అన్నాడు. పక్కనుంచి అన్న లేచి, "శేటూ, కరోనా టైములో ఆఫీసరు ఫోను చేస్తే భయపడి కొంత కట్టినవ్ గదా" అంటూ బీరువా తీశారు. 2021లో DRC-03 ద్వారా కట్టిన 72,000 చలానా దొరికింది. దాన్ని ఈ బాకీకి ముడిపెట్టడానికి పోర్టల్‌లో DRC-03A అనే ఫారం ఉంది. అది వేశాక మిగిలింది 1,14,000. సాయంత్రం ఐదున్నరకు కట్టేశారు.

ఆర్డరు రాసిన ఆఫీసరుకు ఆ చలానా సంగతి తెలియదు, షాపాయనకు గుర్తులేదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. అన్నకు ఏ దారి ఇవ్వాలని ఇన్నాళ్లుగా ఆలోచిస్తున్నానో అది ఇవాళ కళ్లముందే కనిపించింది. నెలవారీ రిటర్నులు ఎవరైనా వేస్తారు. పాత సంవత్సరాల నోటీసు వచ్చినప్పుడు ఏ కాగితం ఎక్కడుందో, ఆనాడు ఏం జరిగిందో తెలిసిన మనిషి మాకు ఒక్కరే ఉన్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి మేనేజింగ్ పార్ట్‌నర్ గారిని కలిశాను. "పాతమనిషి, నొప్పించకండి. ఇంకో ఏడాది చూద్దాం అనండి" అన్నారు. ఆయనది మంచి మనసే. కానీ ఆ "చూద్దాం" పద్నాలుగేళ్లుగా అన్న జీవితంలోంచి వయసును తీసుకుంటోంది. 38లో చెప్పి ఉంటే ఆయన ఏదైనా చేసుకునేవారు. 48లో చెబితే ఇంకా పదేళ్లు మిగులుతాయి. 55లో చెబితే ఆ మాటతో ఆయనకు పనే ఉండదు. ఇదే సార్‌కు చెప్పాను.

నేను అడిగినవి మూడు. బ్రాంచిలో నోటీసుల డెస్కు పెట్టి అన్నకు అప్పగించాలి, దానికి అలవెన్సు ఇవ్వాలి. నెలవారీ రిటర్నులు జూనియర్లకు అప్పగించినంత మాత్రాన ఆయన పోస్టుకూ జీతానికీ కోత ఉండదని ఉత్తరం ఇవ్వాలి. జీఎస్టీ ప్రాక్టీషనర్ పరీక్షకు ఫీజు కట్టి, వారానికి ఒక పూట చదువుకోనివ్వాలి.

మూడోదాని దగ్గర సార్ ఆగారు. బీకామ్ చదివినవాళ్లు PCT-01 వేసి ప్రాక్టీషనర్‌గా నమోదు కావచ్చు. తర్వాత నాసిన్ పెట్టే పరీక్ష పాసవ్వాలి. పాసైతే క్లయింటు తరఫున రిటర్నులు వేయొచ్చు, అనుమతి పత్రంతో ఆఫీసరు ముందు హాజరు కూడా కావచ్చు. "రేపు క్లయింట్లను తీసుకుని బయటికి పోతే?" అన్నారు. పోవచ్చు సార్ అన్నాను. ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని బయట బతకలేడన్న నమ్మకంతో కట్టి ఉంచుకోవడం నాకు ఇష్టం లేదని కూడా అన్నాను. సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చివరికి ఉత్తరానికీ పరీక్షకూ ఒప్పుకున్నారు. అలవెన్సు నేను ఆరువేలు అడిగితే నాలుగువేలన్నారు. అదీ జూన్ ఆఖరులోపు ఇరవై మంది క్లయింట్ల పని జూనియర్ల చేతికి పూర్తిగా వెళ్తేనే, జులై నుంచి. జీతం ఇప్పుడు 44,000. ఐదు శాతం పెరిగితే 46,200, అలవెన్సుతో 50,200. ఈ గ్రేడు గరిష్ఠం 54,000. దాన్ని మార్చనన్నారు. ఈ అంకెలన్నీ అన్నకు చెప్తాను అన్నాను. చెప్పండి అన్నారు.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పానకం అయ్యాక మధ్యాహ్నం కూర్చుని మంగళవారం ఏం చెప్పాలో రాసుకున్నాను. ఫారం కాపీ, ఏడాది రికార్డు ఆయనకు శనివారమే ఇచ్చాను. గదిలోకి వచ్చాక మొదటిసారి చూసే కాగితం మీద ఎవరూ స్థిమితంగా మాట్లాడలేరు.

"మేనేజర్ పోస్టు రాదు" అనే మాట మొదట్లోనే చెప్పాలి. అరగంట పొగిడి చివర్లో చెబితే ఆ పొగడ్తంతా దీనికోసమేనా అనిపిస్తుంది, నిజంగా మెచ్చుకున్నది కూడా అబద్ధమైపోతుంది. హెడ్డాఫీసు మేనేజరు పేరు నేను ఎత్తకూడదు. ఆయన ఎత్తితే తప్పించుకోకూడదు. అదే రోజు ఒప్పుకోమని అడగకూడదు.

గ్రాట్యుటీ లెక్క కూడా వేసి పెట్టుకున్నాను. బేసిక్ 24,000. దాన్ని 26తో భాగించి 15తో గుణించి, ఇరవై రెండేళ్లకు వేస్తే 3,04,615. కానీ ఆ కాగితం బల్ల మీద పెట్టను, సొరుగులోనే ఉంటుంది. పాత ఉద్యోగి ముందు గ్రాట్యుటీ మాట మనమే ఎత్తితే ఇంటికి పొమ్మంటున్నారనే వింటాడు. ఆయనే అడిగితే అంకెతో సహా చెప్పాలి.

నా గదికి అద్దాల గోడ ఉంది, హాలంతటికీ కనిపిస్తుంది. అక్కడ వద్దు. వెనకవైపు రికార్డు గది ఖాళీ చేయించాను.

ఏప్రిల్ 8, మంగళవారం

మూడు గంటలకు కూర్చున్నాం. ఫారంలో అన్న తన భాగం నింపి తెచ్చారు. సాధించినవి అన్న చోట "పని చేసిన" అని రెండే మాటలు.

"అన్నా, మొదట మారనిది చెప్తాను" అన్నాను. "మీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఈ ఏడాది మీ పనికి ఐదుకు నాలుగు వేశాను, ఎందుకో రికార్డులో ఉంది. ఇంకొకటి, మీరు చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నదానికి జవాబు. మేనేజర్ పోస్టు మీకు రాదు. వచ్చే ఏడాదీ రాదు, ఆ తర్వాతా రాదు. కారణాలు చెప్తాను. తర్వాత నేను అనుకున్న దారి ఒకటి చెప్తాను. మధ్యలో ఎక్కడ ఆపాలనిపించినా ఆపండి."

ఆయన కిటికీ వైపు చూశారు. నేను ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మంచి మాటలతో నింపాలన్న ఆరాటం లోపల చాలా ఉంటుంది. నింపితే ఆయన మాట్లాడాల్సిన సమయం నేను తినేసినట్టే.

కొంతసేపటికి అన్నారు: "గీ మాట పదేండ్ల కింద చెప్తే ఇంకో తొవ్వ చూసుకుంటుంటి గదా మేడమ్."

"అవునన్నా. చెప్పి ఉండాల్సింది."

"మా బావమరిది గవర్నమెంటు టీచరు. ప్రమోషన్ రాలే ఆయనకు గూడ. గానీ ఆరేండ్ల స్కేలొచ్చింది, పన్నెండేండ్లదొచ్చింది, మొన్న పద్దెనిమిదేండ్లది గూడ అయింది. పండక్కి ఇంటికొస్తే అందరడుగుతరు, నీదెంతైంది బావా అని. ఏం చెప్పాలె?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాష్ట్ర ప్రభుత్వంలో ఒకే పోస్టులో ఆగిపోయినవాళ్లకు ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్లకు స్కేలు దానంతట అదే మారుతుంది. కుర్చీ దొరకకపోవడం ఆ మనిషి లోపం కాదని ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసు. ప్రైవేటులో ఆ మెట్లు లేవు. మా గ్రేడు 54,000 దగ్గర ఆగుతుందని, దాన్ని మార్చే అధికారం నాకు లేదని, అడిగి చూశానని చెప్పాను.

కారణాలకొచ్చాం. సీఏ సంగతి ఆయనకు తెలుసు. 2019 టీమ్ సంగతి చెప్పబోతే ముఖం ఎర్రబడింది. రెండు ఫైళ్లు తీసి చూపించాను. "ఇక్కడ జూనియర్ లెక్క ఉంది, ఇక్కడ మీ లెక్క ఉంది. తప్పేంటో ఆ అబ్బాయికి చెప్పినట్టు ఎక్కడా లేదు. మీకు నేర్పడం రాదని నేను అనుకోవడం లేదన్నా. ఒకప్పుడు బాగా నేర్పారు."

"నేర్పిన. నేర్పిన పిలగాడే ఇయ్యాల నా ఫైలు మీద సంతకం పెడ్తుండు. మల్ల నేర్పాల్నా?" గొంతు పెరిగింది. వెంటనే తగ్గించారు. "బీరువ తాళం ఇస్తే ఇంక నాతోని ఏం పని మేడమ్ మీకు?"

నేను తెప్పించుకున్న ఐదు అప్రైజల్ ఫారాల్లో ఎక్కడా లేని మాట అది. ఉత్తరం చూపించాను, సార్ సంతకంతో. ఒక్కో వాక్యం వేలు పెట్టి రెండుసార్లు చదివారు. నోటీసుల డెస్కు గురించి చెప్పాను. మార్చి 31న హార్డ్‌వేర్ షాపు పని ఎలా జరిగిందో అదే ఉదాహరణ. నోటీసు రాగానే పాత కాగితాలు తీసి, తేదీల వారీగా జరిగింది రాసి, లెక్క సరిచూసేది అన్న. చట్టం సెక్షన్లతో జవాబు రాసేది సీఏ. చాలా నోటీసులకు గడువు ఏడు రోజులో ముప్ఫై రోజులో. అందుకే ఇది పక్కపని కాదు, పూర్తి పని. జీతం అంకెలు, జూన్ షరతు, గరిష్ఠం అన్నీ చెప్పాను.

లేస్తూ అడిగారు, "ఇప్పుడు పోతే నాకెంతొస్తది మేడమ్?" సొరుగులో కాగితం తీసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు. శనివారం మళ్లీ కూర్చుందాం అనుకున్నాం.

ఏప్రిల్ 12, శనివారం

హనుమాన్ జయంతి. కర్మన్‌ఘాట్ గుడి దారి పొద్దుటినుంచే కిక్కిరిసింది, స్టాఫ్ సగం మంది ఆలస్యంగా వచ్చారు. అన్న మాత్రం తొమ్మిదిన్నరకే వచ్చేశారు.

మూడు రోజులుగా నాతో సరిగా మాట్లాడలేదు. ఇలాంటప్పుడు మేనేజరు భయపడి మెత్తబడి, చూద్దాంలే అన్నా అనేస్తే అంతా మొదటికొస్తుంది. నేను ఆ పని చేయలేదు.

కూర్చోగానే, "ఇంట్ల మాట్లాడిన" అన్నారు. "మా ఆమె ఒక్కటే మాటన్నది. పద్నాలుగేండ్లు ఎదురుచూసినవ్, ఇగ చూసుడు బందైంది, నిమ్మళంగ ఉండు అన్నది." తర్వాత ఆయన తన షరతులు చెప్పారు. డెస్కుకు వచ్చే నోటీసు ముందు తన బల్ల మీదికే రావాలి, హెడ్డాఫీసు తిరిగి రాకూడదు. రెండోది, జూనియర్లలో ఎవరికి నేర్పాలో తానే ఎంచుకుంటారు. మూడోది, తాను రాసిన వాస్తవాల పత్రం మీద తయారుచేసినవారిగా తన పేరు ఉండాలి.

మూడూ న్యాయమే. మూడోది నాకు తట్టలేదు, తట్టి ఉండాల్సిన షరతు అదే. అప్పటికప్పుడు ఒప్పుకుని ఆయన ముందే మినిట్స్‌లో రాశాను.

పరీక్ష విషయంలో మాత్రం తటపటాయించారు. వంద ప్రశ్నలు, రెండున్నర గంటలు, సగం మార్కులొస్తే పాసు. నమోదైన రెండేళ్లలో ఎన్నిసార్లైనా రాయొచ్చు. కానీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. జీఎస్టీ చట్టం ఆయనకు చేతిపని ద్వారా తెలుసు, ఇంగ్లీషు సెక్షన్లుగా తెలియదు. "ఫెయిలైతే పిలగాండ్ల ముందు ఇజ్జత్ బోతది" అన్నారు. పరీక్ష ఈ ఒప్పందంలో భాగం కాదని, రాయకపోయినా డెస్కు డెస్కేనని చెప్పాను. పాసై బయట సొంతంగా పెట్టుకోవాలనిపిస్తే అది కూడా దాచకుండా చెప్పమన్నాను. ఆ మాటకు మాత్రం నావైపు నేరుగా చూశారు.

ఫారం చివరి గడిలో "ఇప్పట్లో కాదు" దగ్గర టిక్కు పెట్టాను. పక్కనే రాశాను: "మేనేజర్ హోదాకు కాదు. నోటీసుల డెస్కు బాధ్యుడిగా ఇప్పుడే సిద్ధం." ఆయన చదివి సంతకం చేశారు.

మే 23, శుక్రవారం

అప్పగింత నడవడం లేదు, లేదా నెమ్మదిగా నడుస్తోంది. ఇరవైలో ఆరుగురు క్లయింట్లే జూనియర్లకు చేరారు. అన్న ఎంచుకున్న ఇద్దరిలో ఒకమ్మాయి ఇవాళ నా దగ్గరికొచ్చి, "మేడమ్, సార్ చెప్తారు, కానీ రాత్రికి మళ్లీ ఆయనే చేసేస్తున్నారు" అంది. పాత అలవాటే. ఉత్తరంతో భయం పోవచ్చు. చెయ్యి ఊరుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

కోప్పడకుండా పద్ధతి మార్చాం. తప్పు కనిపిస్తే అన్న దిద్దకూడదు. ఎర్ర పెన్నుతో ఒక్క గీత గీసి తిరిగి పంపాలి. GSTR-3B గడువు 20వ తేదీ కాబట్టి 16కల్లా జూనియర్ లెక్క ఆయన బల్ల మీద ఉండాలి. అప్పుడు తిప్పి పంపడానికి నాలుగు రోజులు దొరుకుతాయి. ఇన్నాళ్లూ 19 సాయంత్రం వచ్చేది. ఆ గంటలో ఎవరికైనా నేర్పడం కంటే తనే చేసేయడం సులువు. 2019లో జరిగింది కూడా ఇదే అయ్యుంటుంది.

జూన్ 30, సోమవారం

మాఫీ దరఖాస్తులకు ఆఖరి రోజు. బ్రాంచి నుంచి వెళ్లాల్సినవన్నీ మధ్యాహ్నానికే వెళ్లిపోయాయి. హార్డ్‌వేర్ షాపుది SPL-02, పోయిన వారమే వేశాం. ప్రతి ఫైలులోనూ వాస్తవాల పత్రం, కింద అన్న పేరు. ఒక ఫైలు సంతకానికి హెడ్డాఫీసు మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఫోన్ చేసి అన్నతో పావుగంట మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

అప్పగించిన క్లయింట్లు పద్దెనిమిది. ఇరవై కాదు. మిగిలిన ఇద్దరూ బాటసింగారం ఏజెంట్లు, అన్న తప్ప వేరేవాళ్లు ఫోనెత్తితే పెట్టేస్తారు. ఇదే కారణం రాసి అలవెన్సు ఆపవద్దని సార్‌కు మెయిల్ పంపాను.

జులై 5, శనివారం

సార్ ఒప్పుకున్నారు. నాలుగువేలు జులై జీతంతో పడతాయి. బీరువాకు రెండో తాళంచెవి చేయించి ఆ అమ్మాయికిచ్చాం. ఇచ్చింది అన్నే. PCT-01 ఇంకా వేయలేదు, డిగ్రీ సర్టిఫికెట్ ఊళ్లో ఉందట. దసరాకు వెళ్లినప్పుడు తెస్తానన్నారు.